మండపంలో మంట లేస్తే జనం ఏ మెట్లు దిగుతారు?

చెన్నైలో తెలుగువాళ్ల పెళ్లిళ్లు జరిగే మండపాలు, కోడంబాక్కంలో ఉన్నా పెరంబూరులో ఉన్నా, చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. కింద భోజనశాల, వంటశాల, కాస్త పార్కింగు. పైన ముహూర్తం హాలు. వీధి వైపు నుంచి లోపలికి అడుగు పెట్టగానే పన్నీరు చల్లే పిల్లలు, చందనం గిన్నె, కలకండ పళ్లెం, వాటి వెనకే వెడల్పాటి మెట్లు. పెళ్లికి వచ్చినవాళ్లందరూ ఆ మెట్ల మీదుగానే పైకి వెళ్తారు. హాలు రెండో చివర వేదిక ఉంటుంది. వేదిక పక్కన, పూల సెట్టింగు వెనక, ఇంకో తలుపు ఉంటుంది. దాని వెంట సన్నటి మెట్లు వంటశాల వైపు దిగుతాయి. ఆ తలుపు సంగతి మండపం మేనేజరుకు తెలుసు, వంటవాళ్లకు తెలుసు, సెట్టింగు కట్టినవాళ్లకు తెలుసు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం తెలియదు.

కాగితం మీద ఈ మండపానికి రెండు మార్గాలున్నాయి. జనం దృష్టిలో ఉన్నది ఒక్కటే. అగ్నిప్రమాదాల్లో ఎక్కువ ప్రాణాలు పోయేది ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాలోనే. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఇలాంటి హాలు ఒకటి తీసుకుని, కొలతలు వేసి చూడటమే సులువైన పద్ధతి.

చెన్నైలో స్థలాన్ని గ్రౌండ్లలో కొలుస్తారు, గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు. మన హాలు 100 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు అనుకుందాం. అంటే సరిగ్గా రెండు గ్రౌండ్లు, సుమారు 450 చదరపు మీటర్లు. కుర్చీలు వేసిన సభాస్థలంలో మనిషికి 0.6 చదరపు మీటరు చొప్పున లెక్కేయాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఆ ప్రకారం ఈ హాల్లో పట్టేవాళ్లు 750 మంది. రిసెప్షన్ రోజు రాత్రి ఎనిమిదిన్నరకి, వధూవరులకు కవరు ఇవ్వడానికి జనం వరస కట్టినప్పుడు, ఈ సంఖ్య అతిశయోక్తేమీ కాదు.

అదే నియమావళి మెట్లకు మనిషికి 10 మిల్లీమీటర్ల వెడల్పు అడుగుతుంది. 750 మందికి ఏడున్నర మీటర్ల మెట్లు కావాలి. సభాభవనాల్లో మెట్లు సాధారణంగా రెండు మీటర్లకు తగ్గకూడదు కాబట్టి, రెండేసి మీటర్ల మెట్లదారులు నాలుగు ఉండాలన్నమాట. మన మండపంలో ముందు మెట్లు రెండు మీటర్లు, వెనక మెట్లు 1.2 మీటర్లు. రెండూ కలిపి 3.2 మీటర్లు. ఈ మెట్లు 320 మందికి సరిపోతాయి. హాలు పరిమాణం చూస్తే 750, మెట్లు చూస్తే 320. ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఆ హాలు సామర్థ్యం. బుకింగ్ కౌంటర్లో మాత్రం ఎప్పుడూ పెద్ద అంకే వినిపిస్తుంది. దాన్ని అబద్ధమని కూడా అనలేం. కుర్చీలు నిజంగానే అన్ని పడతాయి.

ఇప్పుడు ఈ మెట్ల మీద జనం ఎంత వేగంగా దిగగలరో చూద్దాం. గుంపులో దిగేటప్పుడు మనుషులు గోడకు, రెయిలింగుకు ఆనుకుని నడవరు. రెండు పక్కలా దాదాపు అరడుగు చోటు వదిలేస్తారు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు మెట్ల వెడల్పులోంచి ఒక్కో పక్క 15 సెంటీమీటర్లు తీసేసి మిగిలిందే లెక్కలోకి తీసుకుంటారు. ఆ మిగిలినదాంట్లో మీటరుకి, సెకనుకి సుమారు ఒక్క మనిషి దిగుతాడు. జనం తోసినంత మాత్రాన ఈ వేగం పెరగదు. చదరపు మీటరుకి నలుగురి దాకా చేరితే అడుగు వెయ్యడానికే చోటుండదు, కదలిక దాదాపు ఆగిపోతుంది. ముందు మెట్లకు 1.7 మీటర్లు మిగిలింది కాబట్టి నిమిషానికి సుమారు 100 మంది దిగుతారు. వెనక మెట్లకు 0.9 మీటరు, నిమిషానికి 54 మంది.

750 మందీ రెండు దారుల సామర్థ్యానికి తగ్గట్టుగా చీలితే, అంటే సుమారు 490 మంది ముందు నుంచి, 260 మంది వెనక నుంచి వెళ్తే, దాదాపు ఐదు నిమిషాల్లో హాలు ఖాళీ అవుతుంది. అందరూ ముందు మెట్లకే వెళ్తే ఏడు నిమిషాలు దాటుతుంది. వెనక మెట్ల మీద వంటవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. అదే నియమావళి కోరినట్టు నాలుగు మెట్లదారులు ఉండి, జనం వాటిని సమానంగా వాడుకుంటే, రెండు నిమిషాల లోపే పని అయిపోతుంది. ఇవి కదలడం మొదలెట్టాక పట్టే నిమిషాలు మాత్రమే. కదలకముందు పోయే సమయం దీనికి అదనం, దాని సంగతి తర్వాత.

ఐదు నిమిషాలు ఎక్కువా తక్కువా? బ్రిటన్‌లో ఈ ప్రశ్నకు చాలాకాలం చెప్పుకున్న జవాబు రెండున్నర నిమిషాలు. 1911 మే 9న ఎడిన్‌బరోలోని ఎంపైర్ ప్యాలెస్ థియేటర్లో ప్రదర్శన మధ్య వేదిక మీద మంటలు లేచాయి. సుమారు 3,000 మంది ప్రేక్షకులున్నారు. అగ్ని నిరోధక తెర కిందికి దించారు, వాద్యబృందం జాతీయగీతం అందుకుంది. ఆట అయిపోయాక జాతీయగీతం వాయించడం, జనం లేచి నిలబడి ఆ తర్వాత ఇంటిదారి పట్టడం అక్కడ అలవాటు. రెండున్నర నిమిషాల్లో హాలంతా ఖాళీ అయిందని చెబుతారు. ప్రేక్షకుల్లో ఎవరూ చనిపోలేదు, తెర వెనక ఉన్న 11 మంది మాత్రం బయటపడలేకపోయారు. ఈ కథ ఎవరు చెప్పినా పాటనే గుర్తుచేస్తారు. అసలు సమయం ఇచ్చింది ఆ తెర. మంటనీ పొగనీ అది వేదిక వైపే ఆపేసింది. మన మండపంలో వేదిక వెనక ఉండేది గుడ్డ తెర, థర్మోకోల్, ప్లాస్టిక్ పూలు, వాటి మధ్య వేడెక్కిన ఫోకస్ లైట్లు. అక్కడ ఆపే తెర అంటూ ఏదీ లేదు, ఉన్న తెర ముందుగా అంటుకునేదే.

ఇలాంటి సామగ్రి ఎంత సమయం ఇస్తుందో 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో తెలిసింది. స్టేషన్ అనే నైట్‌క్లబ్బులో వేదిక మీద కాల్చిన బాణసంచా రవ్వలు గోడకు అంటించిన ఫోమ్ మీద పడ్డాయి. ఒక కెమెరామన్ లోపల చిత్రీకరిస్తూ ఉండటంతో ఆ కాసేపట్లో ఏం జరిగిందో సెకన్లతో సహా తెలుస్తోంది. మొదటి అరనిమిషం వరకు కొందరు అది కార్యక్రమంలో భాగమనే అనుకున్నారు. నిమిషంన్నర తిరిగేసరికి హాల్లో ఊపిరి పీల్చే పరిస్థితి లేదు. దాదాపు అదే సమయానికి ముందు ద్వారం దగ్గర మనుషులు ఒకరి మీద ఒకరు పడి దారి మూసుకుపోయింది. 100 మంది చనిపోయారు. ఆ భవనానికి వేరే తలుపులు కూడా ఉన్నాయి. అయినా ఎక్కువమంది వెళ్లింది తాము లోపలికి వచ్చిన ద్వారానికే.

దీన్ని జనం తెలివితక్కువతనం అనుకోవడం పొరపాటు. పొగలో, అరుపుల్లో, పిల్లల్ని పట్టుకుని పరిగెత్తే మనిషి కొత్త దారి వెతకడు. తెలిసిన దారి ఎక్కడికి తేలుతుందో అతనికి తెలుసు. తెలియని తలుపు వెనక మెట్లున్నాయో, స్టోర్ రూమ్ ఉందో, తాళం ఉందో తెలియదు. పైగా అందరూ ఒకవైపు వెళ్తుంటే వాళ్లకు ఏదో తెలిసే వెళ్తున్నారనిపిస్తుంది. తెలిసిన దారి వైపు, తెలిసిన మనుషుల వైపు సాగడం అగ్నిప్రమాదాల్లో పదేపదే కనబడిన ప్రవర్తన. ఆకుపచ్చ బోర్డు మీద పరిగెత్తే మనిషి బొమ్మ పెట్టినంత మాత్రాన ఇది మారదు. అమెరికా నియమాలు దీన్ని ఒప్పుకుని ముందుకు నడిచాయి. జనం గుమిగూడే భవనాల్లో ప్రధాన ద్వారం ఒక్కటే మొత్తం జనంలో సగం మందికి సరిపోవాలి, కొత్త నైట్‌క్లబ్బుల్లాంటి చోట్ల మూడింట రెండు వంతుల మందికి సరిపోవాలి అని రాసుకున్నారు. ఆ కొలమానంతో చూస్తే మన మండపం ముందు మెట్లే 375 మందికి సరిపడాలి, ఉన్నవి 200 మందికి.

కదలకముందు పోయే సమయం పెళ్లిలో మరీ ఎక్కువ. సినిమా హాల్లో పొగ కనబడితే ఏదో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది. పెళ్లిలో పొగ లేకపోతేనే తేడా. హోమగుండంలో నెయ్యి, సమిధలు, కర్పూరం, ఒక పక్క సాంబ్రాణి. పొగ పసిగట్టే యంత్రాలు పెట్టినా ముహూర్తం మధ్యలో అవి కూయకుండా ఆపేసి ఉంచాలని అడగడం ఎవరైనా ఊహించగలిగేదే.

"ఏదో కాలిన వాసన వస్తోంది కదా పిన్నీ?"

"హోమం పొగేలే, కూర్చో. జీలకర్ర బెల్లం పెట్టబోతున్నారు."

ఈ రెండు మాటలకు పట్టేది ఐదు సెకన్లు. వీటివల్ల పోయేది రెండు నిమిషాలు. పిన్ని కూర్చుంటే అక్కయ్య కూర్చుంటుంది, వాళ్లిద్దర్నీ చూసి వెనక వరస కూర్చుంటుంది. అమెరికాలో బిబ్ లాటానే, జాన్ డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగం ఇదే చెప్పింది. ఫారం నింపుతూ కూర్చున్నవాళ్ల గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే, లేచింది నూటికి పదిమందే. పక్కవాళ్లు కదలకపోతే ప్రమాదం లేదన్నమాటే అనుకున్నారు. 750 మంది చుట్టాలున్న హాల్లో ఆ పక్కవాళ్లందరూ తెలిసినవాళ్లే, పైగా పెద్దవాళ్లు. తాళి కట్టకముందు లేచి బయటికి పోతే ఏమనుకుంటారోనన్న మొహమాటం దీనికి తోడు.

ఆ తర్వాత జరిగేది ఇంకా చిక్కు. కదలడం మొదలెట్టినవాళ్లు ఒంటరిగా కదలరు. అత్తయ్య కిందికి రెండో బంతికి వెళ్లింది, పిల్లలు లాబీలో ఆడుతున్నారు, మామయ్యకి మోకాళ్ల నొప్పి. కుటుంబం మొత్తం కలిసేదాకా ఎవరూ కదలరు, కలిశాక అందరిలోకీ నెమ్మదిగా నడిచే మనిషి వేగంతోనే అందరూ కదులుతారు. అంతకంటే ప్రమాదకరమైనది ఎదురునడక. పొగ అనగానే భోజనశాలలో ఆకు ముందు కూర్చున్న తల్లి పైన వదిలేసిన పిల్ల కోసం మెట్లెక్కుతుంది. అదే సమయంలో పైనున్నవాళ్లు దిగుతుంటారు. 1.7 మీటర్ల మెట్ల మీద పైకి ఒక వరస పోతే కిందికి దిగే దారి గణనీయంగా తగ్గిపోతుంది. ఏడు నిమిషాలన్న లెక్కలో ఈ తల్లులెవరూ లేరు.

మర్నాడు పేపర్లలో దీనికి తొక్కిసలాట అని పేరు పెడతారు. ఆ మాటలో తప్పంతా జనం మీద పడుతుంది. నిజానికి వెనక ఉన్నవాడికి ముందు ఆగిపోయిందని తెలియదు. తెలుసుకునే వీలు కూడా లేదు, అతనికి కనబడేది ముందువాడి వీపు మాత్రమే. గుంపులో పోయే ప్రాణాల్లో చాలా భాగం కాళ్ల కింద పడి పోయేవి కావు, నిలబడిన చోటే ఛాతీ మీద ఒత్తిడితో ఊపిరాడక పోయేవి.

పెళ్లి, పై అంతస్తు, ఇరుకు మెట్లు, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో తమిళనాడుకు బాగా తెలుసు. 2004 జనవరి 23న శ్రీరంగంలో ఒక కల్యాణ మండపం పై అంతస్తులో, తాటాకు పైకప్పు కింద పెళ్లి జరుగుతోంది. వీడియో లైటుకు ఇచ్చిన కరెంటు తీగ దగ్గర మొదలైన నిప్పు ఆకులకు అంటుకుంది. దిగడానికి ఇరుకైన మెట్లే. యాభై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పెళ్లికొడుకూ ఉన్నాడు. ఆ ప్రమాదం తర్వాత అందరి దృష్టీ తాటాకు మీదే పడింది. అది న్యాయమే. కానీ మెట్లు అంతగా చర్చకు రాలేదు. తాటాకు పోయి దాని చోట్లోకి ఫాల్స్ సీలింగు, ఫోమ్, సింథటిక్ గుడ్డ వచ్చాయి. చాలా మండపాల్లో మెట్లు మాత్రం అప్పుడున్న వెడల్పులోనే ఉన్నాయి.

ముందు మెట్ల గురించి ఇంకో మాట చెప్పాలి. మండపం యజమానులకు ఇది అస్సలు రుచించదు. కింది లాబీలోంచి తలుపేమీ లేకుండా నేరుగా హాల్లోకి ఎక్కే అందమైన మెట్లు అసలు అగ్నిప్రమాద మార్గమే కాదు. మంటను తట్టుకునే గోడల మధ్య, వాటంతట అవే మూసుకునే తలుపుల వెనక ఉన్న మెట్లనే నిపుణులు భద్రమైన దారి అంటారు. ఎందుకంటే పొగ పైకి పోతుంది, తెరిచి ఉన్న మెట్లు దానికి చిమ్నీలా పనికొస్తాయి. కింద వంటశాలలోనో పార్కింగులోనో నిప్పు పుడితే పై హాల్లోకి పొగ ఎక్కే దారీ, జనం దిగాల్సిన దారీ ఒకటే అవుతుంది.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో జరిగింది దాదాపు ఇదే. మంట బాల్కనీలో లేదు. కింద పార్కింగులో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. పొగ మెట్లదారిలోంచి, ఏసీ డక్టుల్లోంచి బాల్కనీలోకి ఎక్కింది. అక్కడ కుడి వైపు దారిని మూసేసి ఎనిమిది సీట్ల బాక్సు కట్టారు, మరికొన్ని సీట్లు అదనంగా ఇరికించారు. తలుపుకు గడియ పెట్టి ఉంది. మైకులో ఎవరూ ఏమీ చెప్పలేదు. 59 మంది చనిపోయారు, కాలి కాదు, పొగకు ఊపిరాడక. ఆ ఎనిమిది సీట్ల సంగతి ఏ మండపంలో నిలబడినా గుర్తుకు రావాలి. దారి ఎప్పుడూ ఒక్కసారిగా మూసుకుపోదు. ఒక బాక్సు, ఒక సోఫా, ఒక ఐస్‌క్రీమ్ స్టాలు, ఇలా కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. ప్రతిసారీ దానికో కారణం ఉంటుంది.

మన మండపంలో ఆ కారణాలు ఎలా ఉంటాయో వెనక తలుపు దగ్గరే చూడొచ్చు. తలుపు రెండు పలకలది. ఒక పలకకి పైనా కిందా గడియలు. రెండో పలకకి తాళం, ఆ తాళంచెవి మేనేజరు గుత్తిలో. కింద కొలాప్సిబుల్ గేటు, దానికి ఇంకో తాళం. ఎందుకు వేశారంటే సమాధానం సిద్ధంగా ఉంటుంది: బయటివాళ్లు భోజనానికి దూరుతున్నారు, పెళ్లివారి సామాన్లు పోతున్నాయి. మెట్ల మలుపులో అరిటాకుల కట్టలు, వాటర్ క్యాన్లు, అద్దెకు తెచ్చిన కుర్చీల దొంతర. చివరి మెట్టు పక్కన వరసగా గ్యాస్ బండలు. వేదిక వైపు నుంచి చూస్తే అసలు తలుపే కనబడదు. పూల సెట్టింగు ఫ్రేము దానికి అడ్డంగా నిలబెట్టి, గోడకు తాళ్లతో బిగించి ఉంటుంది.

ఆ తలుపు లోపలికి తెరుచుకుంటే అది మరీ ఘోరం. వెనక నుంచి గుంపు నొక్కుతున్నప్పుడు తలుపును తమ వైపు లాక్కోవడం ముందున్నవాడి వల్ల కాదు. 1942 నవంబర్ 28న బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే క్లబ్బులో 492 మంది చనిపోవడానికి తిరుగుడు తలుపుతో పాటు లోపలికి తెరుచుకునే తలుపులూ కారణమే. తాళం వేయాలి, కానీ లోపల ఉన్నవాడు తోస్తే తెరుచుకోవాలన్న చిక్కుకు జవాబు అంతకుముందే దొరికింది. 1903 డిసెంబర్ 30న చికాగో ఇరోక్వాయ్ థియేటర్లో 602 మంది చనిపోయారు. అక్కడి తలుపుల గొళ్లాలు ఎలా తీయాలో జనానికి తెలియలేదు. ఆ తర్వాత అమెరికాలో తలుపుకు అడ్డంగా ఉండే పానిక్ బార్ వాడుకలోకి వచ్చింది. నడుము ఎత్తులో ఉండే ఆ కడ్డీని ఒంటితో నొక్కితే చాలు, గొళ్లెం విడిపోతుంది. బయటి నుంచి మాత్రం తెరవలేరు. భోజనానికి దూరేవాళ్ల భయం ఉన్న యజమానికి కావలసింది సరిగ్గా అదే. మల్టీప్లెక్సుల్లో ఇది మామూలే. సెట్టింగుకు పెట్టే ఖర్చు పక్కన దీని ధర లెక్కలోకి కూడా రాదు, అయినా మండపాల్లో అరుదు.

గుళ్ల సంగతి వేరు, ఇక్కడ క్లుప్తంగానే చెప్పాలి. గర్భగుడికి ఒకే వాకిలి అన్నది ఆగమం, దాన్ని మార్చమని ఎవరూ అడగరు. ప్రమాదం ఎక్కువగా ఉత్సవం కోసం తాత్కాలికంగా కట్టేవాటిలో ఉంటుంది: పందిళ్లు, యాగశాలలు, క్యూ కోసం నిలబెట్టిన ఇనుప కంచెలు. 1997 జూన్ 7న తంజావూరు పెద్దగుడి కుంభాభిషేకం వేళ యాగశాల పందిరికి నిప్పంటుకుని నలభై మందికి పైగా పోయారు. వెయ్యేళ్ల రాతిగుడి అంటుకోలేదు, నాలుగు రోజుల పందిరి అంటుకుంది. క్యూ కంచెలు కూడా తలుపుల్లాంటివే. మధ్యమధ్య తోస్తే తెరుచుకునే గేటు లేకపోతే, లోపల నిలబడ్డ మనిషికి ముందు వెనకలు తప్ప మూడో దిక్కు లేదు.

మళ్లీ మండపానికి వస్తే, జనాన్ని కదిలించేది గంట కాదు, మనిషి గొంతు. గంట మోగితే ఎందుకు మోగిందో తెలియక జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. నిజం చెబితే కంగారుపడతారన్న భయంతో మేనేజర్లు దాచాలని చూస్తారు. చెప్పకపోవడం వల్ల పోయిన ప్రాణాల ఉదాహరణలే ఎక్కువ. పెళ్లిలో ఒక సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. సన్నాయి మేళం ఒక్కసారిగా ఆగిపోతే హాలంతా తలెత్తి వేదిక వైపు చూస్తుంది. మైకు పురోహితుడి దగ్గరో, అనౌన్సరు దగ్గరో సిద్ధంగా ఉంటుంది. "ఫాల్స్ సీలింగుకు నిప్పు అంటుకుంది. వేదిక వైపున్నవాళ్లు వేదిక పక్క తలుపులోంచి, మిగతావాళ్లు ముందు మెట్ల మీదుగా ఇప్పుడే బయటికి నడవండి" అని తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి చెబితే ఇరవై సెకన్లు పడుతుంది. ఏం జరిగింది, ఏం చెయ్యాలి, ఎటు వెళ్లాలి, ఈ మూడూ అందులో ఉండాలి. దయచేసి ఎవరూ కంగారు పడవద్దు అన్న మాట మాత్రం వద్దు. దానివల్ల తెలిసేది ఏమీ లేదు, కంగారు మాత్రం పుడుతుంది.

అయితే ఆ గొంతు చూపించే రెండో తలుపు జనానికి ముందే పరిచయమై ఉండాలి. ఇక్కడే ఈ మండపానికి చవకైన మార్గం ఒకటుంది. ముహూర్తం తర్వాత అందరూ భోజనానికి కిందికి దిగాల్సిందే. మొదటి బంతి నుంచే వాళ్లను ముందు మెట్ల మీదుగా కాకుండా వెనక మెట్ల మీదుగా భోజనశాలకు పంపిస్తే, రెండో బంతి అయ్యేసరికి సగం మందికి ఆ దారి కాళ్లకు తెలుస్తుంది. మనుషులు తెలిసిన దారినే పోతారన్న బలహీనత అప్పుడు మనకు పనికొస్తుంది. అంతకంటే మేలు ఏమిటంటే, జనం నడిచే మెట్ల మీద అరిటాకుల కట్టలు పెట్టడం, గేటుకు తాళం వేయడం కుదరదు. తనిఖీకి వచ్చే అధికారి ఏడాదికోసారి చూసేదాన్ని ఆకలితో ఉన్న చుట్టాలు ప్రతి పెళ్లిలో చూస్తారు.

దీనికీ హద్దుంది. మంట వేదిక దగ్గరే పుడితే, దాని పక్కనున్న వెనక తలుపు మొదటి నిమిషంలోనే పోతుంది. మళ్లీ మిగిలేది రెండు మీటర్ల ముందు మెట్లు, ఏడు నిమిషాలు. రెండు దారులూ ఒకే నిప్పుకు పోకూడదంటే మూడో మెట్లదారి పక్క గోడ మధ్యలో, వేదికకు దూరంగా ఉండాలి. అక్కడ కట్టడానికి ప్రహరీకి, హాలుకి మధ్య ఖాళీ ఉండాలి. చాలా మండపాల్లో ఆ ఖాళీలో ఇప్పుడు జనరేటరు ఉంది. మూడో దారి వచ్చేదాకా మిగిలేది జనాన్ని తగ్గించడం. 750 కుర్చీల హాల్లో 320 వేసి, మిగతావి కింద దొంతర పెట్టడం. దానికి ఒప్పుకునే యజమాని దొరకడం కష్టం, ఒప్పుకునే పెళ్లికూతురి తండ్రి దొరకడం ఇంకా కష్టం. ఒప్పుకోకపోయినా, అడ్వాన్సు ఇచ్చే రోజున ఆయన చేయగలిగిన పని ఒకటుంది: మేనేజరును వెంటబెట్టుకుని వేదిక పక్క తలుపు దాకా వెళ్లి, గుత్తిలో ఏ తాళంచెవి దానిదో వెతుక్కునేదాకా వాచీ చూస్తూ నిలబడటం.